పాలసీ అంతా డ్యూటీ చార్టులోనే ఉంది

మొన్నామధ్య ఒక స్నేహితుడు వాట్సాప్‌లో పదకొండు పేజీల ఫైలు పంపాడు. "మా రెస్టారెంటుకి వేధింపుల నివారణ పాలసీ రాయించానురా, ఒకసారి చూసి ఓకే అంటే ప్రింటు తీయించి గోడకి అంటిస్తా" అని కింద మెసేజ్. రాయించడం అంటే మరేం లేదు, ఎవరో నెట్‌లో దొరికిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పాలసీ దించుకుని, పేరు మార్చి, వీడి చేతిలో పెట్టారు. నాకెలా తెలిసిందంటే, నాలుగో పేజీలో "బాధితులు తమ రిపోర్టింగ్ మేనేజర్‌కు ఈమెయిల్ ద్వారా ఫిర్యాదు సమర్పించవలెను" అని ఉంది. ఆ వాక్యం చదవగానే వాడి కిచెన్ వెనక సింకు దగ్గర గిన్నెలు కడిగే ఆవిడ కళ్ల ముందు కదిలింది. ఆవిడకి ఈమెయిల్ లేదు. ఆరో పేజీలో "క్యూబికల్" అనే మాట కూడా ఉంది, తీసేయడం మర్చిపోయినట్టున్నారు.

నవ్వి, "బాగుంది, అంటించెయ్" అని పంపేద్దును. కానీ నేను పదేళ్లు రెస్టారెంట్ల ఫ్లోరు మీద పనిచేసినవాణ్ణి. చివరి నాలుగేళ్లు మేనేజర్‌ని. ఆ నాలుగేళ్లలో నా దగ్గరికి నేరుగా వచ్చిన ఒకే ఒక్క ఫిర్యాదుని నేను ఎంత ఘోరంగా పాడుచేశానో గుర్తొచ్చింది. ఓకే చెప్పడానికి చెయ్యి రాలేదు.

నేను చేసిన మేలు

చోటు పేరు అనవసరం. సర్వింగ్‌లో ఒకమ్మాయి ఉండేది, చేరి ఎనిమిది నెలలైంది. కిచెన్‌లో చెఫ్ తర్వాత పెద్దవాడు ఒకాయన. వండినవి బయటికి అందించే గట్టుని మేం పాస్ అంటాం. రాత్రి రష్‌లో అక్కడ నిలబడి ప్లేట్లు అందించేది ఆయనే. ఈ అమ్మాయి చెయ్యి చాపినప్పుడల్లా ఆయన ప్లేటు ఇస్తాడు గానీ వదలడు. రెండు సెకన్లు, మూడు సెకన్లు. వేళ్లు వేళ్లకి తగులుతూ ఉంటాయి. ప్లేటు వేడిగా ఉంటుంది, వెనక ఇంకో ముగ్గురు క్యూలో ఉంటారు, లాక్కుంటే ఒలికిపోతుంది. చూసేవాళ్లకి ఏమీ కనపడదు. ఒక మనిషి ఇస్తున్నాడు, ఒక మనిషి తీసుకుంటోంది, అంతే.

ఒక రాత్రి మూసేశాక నేను క్యాష్ లెక్కపెడుతుంటే వచ్చి, "సార్, నన్ను పాస్ దగ్గరికి పంపకండి" అంది. అడిగితే చెప్పింది. నేను నమ్మాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి కథల్లో ఎప్పుడూ మేనేజర్ నమ్మడు, అక్కడే పేచీ అంతా. నేను నమ్మాను, జాలిపడ్డాను, ఆమెకి మంచి చేయాలనుకున్నాను. మర్నాడే ఆమెని రాత్రి షిఫ్టు నుంచి మధ్యాహ్నం షిఫ్టుకి మార్చాను. ఆయన మధ్యాహ్నం రాడు కదా. సమస్య తీరింది అనుకుని నిశ్చింతగా పడుకున్నాను.

ఫ్లోరు మీద పనిచేసినవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. టిప్పులన్నీ రాత్రే. మధ్యాహ్నం వచ్చేవాళ్లు గబగబా తినేసి పోయేవాళ్లు. వారానికి ఐదు రాత్రులు చేసే మనిషి సున్నా రాత్రులకి పడిపోయింది, అంటే చేతికొచ్చే డబ్బులో సగం ఎగిరిపోయింది. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. కిచెన్‌లో అందరూ అనుకున్నది ఒకటే, ఫిర్యాదు చేసింది, దించేశారు. ఐదు వారాలు చూసి మానేసింది. రిజిస్టర్‌లో నేను "సొంత కారణాలు" అని రాశాను. ఆమె ఖాళీ చేసిన రాత్రి షిఫ్టులోకి ఇంకో అమ్మాయి వచ్చింది. అదే పాస్, అదే మనిషి. ఆ అమ్మాయి నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది?

నా వాదన అంతా ఇక్కడే ఉంది. వేరే ఉద్యోగాల్లో ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష తీర్చుకోవాలంటే ఏదో ఒక కాగితం పుట్టాలి. బదిలీ లెటరో, మెమోనో, తీసేస్తున్నామన్న నోటీసో. రెస్టారెంటులో పెన్సిలు చాలు. శుక్రవారం రాత్రి గడిలో ఒక పేరు చెరిపి ఇంకో పేరు రాస్తే అయిపోయింది. కిటికీ పక్క టేబుళ్ల నుంచి బాత్రూం దారిలో టేబుళ్లకి మారిస్తే అయిపోయింది. ఇందులో ఏదీ శిక్షలా కనపడదు, నాలాంటి వాడి చేతిలో అయితే మేలులా కూడా కనపడుతుంది. కాబట్టి రెస్టారెంటు పాలసీలో "ఫిర్యాదుదారుపై ప్రతీకార చర్యలు నిషేధం" అని ఒక్క లైను రాసి వదిలేస్తే అది రాయనట్టే లెక్క. ఆ రక్షణ డ్యూటీ చార్టు భాషలో ఉండాలి. మూడో మనిషి ఎవరైనా చార్టు ముందేసుకుని, జరిగిందా లేదా అని చూసుకోగలిగేట్టు ఉండాలి.

ముందుగా ఒక చిన్న పరీక్ష

స్నేహితుడికి ఫోన్ చేసి, పాలసీ సంగతి తర్వాత, ముందు పోయిన నెల డ్యూటీ చార్టు ఫొటో తీసి పంపమన్నాను. ఆదివారం ఇద్దరం కూర్చుని ఒక ఆట ఆడాం. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. ఫ్లోరు కెప్టెన్ మీద ఒక సర్వర్‌కి ఫిర్యాదు ఉంది. వాడి పదకొండు పేజీల ప్రకారం ఇప్పుడేం జరుగుతుంది?

ఫిర్యాదు తీసుకునేవాళ్లుగా ఇద్దరి పేర్లు ఉన్నాయి. ఒకాయన అకౌంట్స్ చూస్తాడు, సాయంత్రం ఆరుకే వెళ్లిపోతాడు. రెండో ఆయన కెప్టెన్‌కి బావమరిది. ఈ సంగతి వాడికి తెలియక కాదు, పేరు రాసేటప్పుడు తట్టలేదంతే. పోనీ సర్వర్ ఎలాగో ఫిర్యాదు చేసింది అనుకుందాం. వచ్చే వారం చార్టు వేసేది ఎవరు? కెప్టెనే. షిఫ్టు మార్చుకోవాలంటే వాట్సాప్ గ్రూపులో ఓకే అనాల్సింది ఎవరు? కెప్టెనే. టేబుళ్లు పంచేది, టిప్పు డబ్బా తెరిచి లెక్క చెప్పేది కూడా ఆయనే. వాడు కాసేపు చార్టు వంక చూసి, "అంటే మా పాలసీ మొత్తం ఆయన చేతిలోనే ఉందన్నమాట" అన్నాడు. ఆ రోజు వాడి పదకొండు పేజీలు పక్కన పెట్టాం.

ఈ పరీక్షకి అరగంట కూడా పట్టదు. పాలసీ రాసే ప్రతివాళ్లూ రాయకముందే చేయాలని నా పట్టుదల. చార్టు వేసే మనిషి మీదే ఫిర్యాదు వస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నకి జవాబు దొరికితే మిగతా చాలా వాటికి జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

మేం తిరగరాసిన దాంట్లో ఫిర్యాదుకి మూడు దారులు పెట్టాం. ఫ్లోరు వైపు ఒకరు, కిచెన్ వైపు ఒకరు, రెస్టారెంటుకి సంబంధం లేని బయటి మనిషి ఒకరు. లోపలి ఇద్దరిలో కనీసం ఒకరు ప్రతి రాత్రీ డ్యూటీలో ఉండాలి, ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్లు కాకూడదు, ఇద్దరిలో ఎవరికీ చార్టు వేసే పని ఉండకూడదు. కనీసం ఒకరు ఆడమనిషి అయ్యుండాలి. బయటి మనిషి ఎందుకంటే, ఫిర్యాదు ఓనర్ మీదే కావచ్చు. ఈ మాట చెప్పినప్పుడు నా స్నేహితుడి మొహం కాస్త మాడింది గానీ కాదనలేదు. ఓనర్ మీద ఫిర్యాదుని ఓనర్ నియమించిన మేనేజర్ విచారిస్తాడంటే ఎవరు నమ్ముతారు? ఇక్కడే ఇంకో వాక్యం కూడా రాశాం. ఈ పాలసీ ప్రకారం ఫిర్యాదు చేసినా, చేయకపోయినా, చట్టప్రకారం పోలీసులకో, కార్మిక శాఖకో, చట్టం చెప్పిన కమిటీకో వెళ్లే హక్కు అలాగే ఉంటుంది అని. కమిటీ ఉండాలా, గడువులేమిటి అన్నవి ఏ దేశానికి ఆ దేశం చట్టంలో చూసుకోవాల్సిందే, వాటికి తగ్గించి పాలసీ రాయడం కుదరదు.

నోటితో చెబితే చాలు. ఏ భాషలో చెప్పినా సరే. "లిఖితపూర్వకంగా" అన్న మాట కొట్టేశాం. రాయాల్సింది చెప్పే మనిషి కాదు, వినే మనిషి. ఆ వినే మనిషికి మొదటి గంటలో చేయాల్సిన పనులు ఉన్నాయి, పాలసీల్లో అందరూ వదిలేసేది ఇదే. ఆమె ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలే రాయాలి. "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాస్తే పనికిరాదు, "ప్లేటు వదలకుండా పట్టుకుని, చెయ్యి మెత్తగా ఉందే అన్నాడు" అని రాయాలి. తేదీ, వేళ, ఏ మూల, ఆ టైంలో కంటికి ఎవరు కనపడుతున్నారు. రాసింది ఆమెకి చదివి వినిపించాలి. తర్వాత ఆ రోజు చార్టు ఫొటో తీసి పెట్టుకోవాలి, డ్యూటీలో ఎవరెవరు ఉన్నారో అది చెబుతుంది. ఈ లైనులో మనుషులు నెలకొకరు మానేస్తుంటారు, మూడు వారాలాగితే సాక్షి ఇంకో ఊళ్లో ఉంటాడు.

సీసీ కెమెరా సంగతి మరీ ముఖ్యం. రికార్డర్‌లో డిస్కు నిండగానే పాత వీడియో మీద కొత్తది ఎక్కిపోతుంది. కొన్నిచోట్ల వారానికే, కొన్నిచోట్ల నెలకి. విచారణ మొదలయ్యాక వీడియో కావాలంటే అప్పటికి ఉండదు. అందుకే ఫిర్యాదు వచ్చిన రోజే ఆ ముక్క కాపీ చేసి బయటి మనిషికి ఇవ్వాలి అని రాశాం. అక్కడున్నది ఏ కెమెరా, ఎన్ని రోజులు ఉంచుతుంది అన్నది నా స్నేహితుడికే తెలియదు. ఫోన్ చేసి కనుక్కుంటే పన్నెండు రోజులట. పాస్ మీదికి కెమెరానే లేదు, క్యాష్ కౌంటర్ మీద మాత్రం రెండున్నాయి.

ఇంకో చిన్న విషయం. విన్నవాళ్లు జాలితో "ఎవరికీ చెప్పనులే" అని మాటిచ్చేస్తారు. ఇవ్వకూడదు. విచారణ జరగాలంటే ఆ మనిషికి తన మీద వచ్చిన ఆరోపణ ఏమిటో చెప్పాలి, సాక్షుల్ని అడగాలి. ఇవ్వదగ్గ మాట "తెలియాల్సినవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియదు, ఎవరికి చెబుతున్నానో ముందు నీకు చెబుతాను" అన్నది మాత్రమే. ఇది కాస్త పొడిగా వినిపిస్తుంది. కానీ మొదటి మాట తప్పినప్పుడు కలిగే దెబ్బ కంటే నయం.

గడువులు కూడా పెద్దగా ఏం పెట్టలేదు. ఒక రోజులో, ఫిర్యాదు అందింది, విచారణ ఫలానావాళ్లు చేస్తారు అని చెప్పడం. మూడు వారాల్లో విచారణ ముగించడం. ఏం తేలిందో ఇద్దరికీ కాగితం మీద ఇవ్వడం. కోర్టులో నేరం రుజువు చేసినంత రుజువు ఇక్కడ అక్కర్లేదు, జరగలేదు అనేదానికంటే జరిగింది అనడానికే ఎక్కువ ఆస్కారం ఉందా అన్నది చూస్తే చాలు. ఆ ముక్క రాయకపోతే విచారించేవాళ్లు "కళ్లారా చూసినవాళ్లు లేరు" అని చేతులు దులిపేసుకుంటారు. ప్లేటు పట్టుకున్న మూడు సెకన్లకి కళ్లారా చూసిన సాక్షి ఎక్కణ్ణించి వస్తాడు?

చార్టు మీద రాసిన రక్షణ

ఫిర్యాదు వచ్చిన క్షణం నుంచి ఇద్దర్నీ విడదీయాలి. ఎవర్ని కదపాలి? మేం రాసింది: మారేది ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో ఆ మనిషే. జీతం తగ్గకుండా, ఇది శిక్ష కాదు, విచారణ అయ్యేదాకా ఏర్పాటు అని కాగితం మీద ఇచ్చి మరీ. చెఫ్ అయితే పాస్ దగ్గర ఇంకొకరు నిలబడతారు, ఆయన లోపల స్టవ్ దగ్గర ఉంటాడు. ఫిర్యాదు చేసిన మనిషి తానుగా మార్పు అడిగితే తప్ప ఆమె పేరు చార్టులో కదలకూడదు. ఆ చార్టు వేసే పని కూడా విచారణ అయ్యేదాకా చేతులు మారాలి.

ఇక ఆ తర్వాత. ఫిర్యాదుకి ముందు ఎనిమిది వారాల చార్టు తీసుకుని నాలుగు అంకెలు రాసుకుంటాం: వారానికి ఎన్ని గంటలు, ఎన్ని రాత్రులు, వారాంతాలు ఎన్ని, మంచి టేబుళ్లు ఎన్నిసార్లు. ఫిర్యాదు తర్వాత రెండో వారం, నాలుగో వారం, ఎనిమిదో వారం, పన్నెండో వారం చివర్న బయటి మనిషి అవే నాలుగు అంకెలు మళ్లీ రాస్తాడు. తగ్గితే, ఎందుకు తగ్గిందో చార్టు వేసినవాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. ఆమె "నా మీద కక్ష కట్టారు" అని రుజువు చేయనక్కర్లేదు. సాక్ష్యం చెప్పినవాళ్లకి కూడా ఇదే లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. ముందు ఎనిమిది వారాల్లో సగటున వారానికి 44 గంటలు, ఐదు రాత్రులు. నాలుగో వారం చూస్తే 43 గంటలు, రెండు రాత్రులు. గంటలు మాత్రమే చూసేవాళ్లకి అంతా బాగానే ఉంది. రాత్రులు చూస్తేనే మనిషి చేతికొచ్చేది ఎంత పోయిందో తెలుస్తుంది. నేను చేసిన 'మేలు' కూడా గంటల్లో ఎక్కడా కనపడేది కాదు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. బేరాలు లేని కాలంలో అందరికీ రాత్రులు తగ్గుతాయి, అందుకే ఆమె అంకెల్ని ఆమె పాత అంకెలతో మాత్రమే కాక మిగతా సర్వర్ల అంకెలతో కూడా పోల్చాలి. ముగ్గురే సర్వర్లున్న చిన్న చోట ఈ పోలికలు పెద్దగా ఏం చెప్పవు. పైగా కక్ష అంతా చార్టులోనే ఉండదు. కిచెన్‌కి ఒకరి మీద కోపం వస్తే వాళ్ల ఆర్డర్లు వెనక్కి పోతాయి. ఆమె టేబుల్ నంబరున్న స్లిప్పు ఒకటి ఎప్పుడూ కింద నలిగి ఉంటుంది. కస్టమర్ ఆమెని తిడతాడు, టిప్పు పెట్టడు, వారం తిరిగేసరికి "పని సరిగా చేయట్లేదు" అన్న మాట పుడుతుంది. ఆర్డర్ స్లిప్పు మీద వేళ ఉంటుంది, బిల్లు మీద వేళ ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా ఆమె టేబుళ్లకి, పక్కవాళ్ల టేబుళ్లకి పోల్చి చూడొచ్చు. కచ్చితమైన కొలత కాదు, కస్టమర్లు కబుర్లలో పడితే బిల్లు ఎలాగూ ఆలస్యమవుతుంది. కానీ నెల రోజులు వరసగా ఒక్కరి టేబుళ్లే వెనకబడుతుంటే కబుర్ల మీద నెట్టలేం. ఎవరూ మాట్లాడకపోవడం, స్టాఫ్ భోజనం దగ్గర పక్కన కూర్చోకపోవడం, వీటికి మాత్రం నా దగ్గర కొలత లేదు.

కస్టమర్ చేస్తే

"మా దగ్గర స్టాఫ్ మధ్య గొడవలేం లేవురా, ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు రాలేదు" అన్నాడు స్నేహితుడు. రాకపోవడం గురించి ఒక మాట. అమెరికాలో ఉద్యోగాల్లో సమాన అవకాశాల కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వేధింపు ఎదుర్కొన్నవాళ్లలో నలుగురికి ముగ్గురు తమ పైవాళ్లకి గానీ యూనియన్‌కి గానీ అసలు చెప్పనే లేదు. అక్కడి నివేదికే అయినా, నా కథలో ఆ రాత్రి షిఫ్టులోకి వచ్చిన రెండో అమ్మాయి ఆ ముగ్గురిలో ఒకతి.

వాడు నిజంగా భయపడుతున్నది కస్టమర్ల గురించి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం పనిచోటు వేధింపుల్లో బయటివాళ్లు చేసేవాటినీ లెక్కలోకి తీసుకోవాలంటుంది, బట్టలు మార్చుకునే గది, విశ్రాంతి తీసుకునే చోటు, పనికి వచ్చిపోయే దారి, ఫోన్‌లో వచ్చే మెసేజ్‌లు, అన్నిటినీ పనిచోటులో కలుపుతుంది. మా పాలసీలో ఎక్కడెక్కడ అన్న భాగం ఆ జాబితా చూసే రాశాం. పాస్, కోల్డ్ రూమ్, బట్టలు మార్చుకునే గది, రాత్రి స్టాఫ్‌ని దింపే వ్యాన్, గ్రూపు చాటింగ్.

కస్టమర్ విషయంలో మాత్రం సొంతంగా ఏదీ కనిపెట్టలేదు. అమెరికాలో ఓక్లాండ్‌లో ఎరిన్ వేడ్ అనే ఆవిడ నడిపిన హోమ్‌రూమ్ అనే రెస్టారెంటులో స్టాఫ్ కూర్చుని చేసుకున్న రంగుల పద్ధతి ఉంది. 2018లో ఆవిడ రాశాక చాలామందికి తెలిసింది. చూపు బాలేదు, ఏదో ఇబ్బందిగా ఉంది అంటే పసుపు. మాటల్లో వెకిలితనం ఉంటే నారింజ. బాహాటంగా బూతు మాట్లాడినా, చెయ్యి వేసినా, నారింజ చెప్పాక మళ్లీ చేసినా ఎరుపు. సర్వర్ వచ్చి "నాలుగో టేబుల్ పసుపు" అంటే చాలు, కావాలంటే ఆ టేబుల్ మేనేజర్ తీసుకుంటాడు. నారింజ అంటే మేనేజర్ తీసుకుని తీరాలి. ఎరుపంటే కస్టమర్‌ని పంపేయాలి.

ఇందులో తెలివంతా ఎక్కడుందంటే, ఏం జరిగిందో వర్ణించి చెప్పక్కర్లేదు. మేనేజర్‌కి "అబ్బే, ఆయన అలాంటివాడు కాదు, సరదాగా అన్నాడేమో" అనే సందు లేదు. రష్‌లో ఆ సందు దొరికితే ప్రతి మేనేజరూ వాడుకుంటాడు, నేనూ వాడుకున్నాను. స్నేహితుడు రెండు అడ్డాలు పెట్టాడు. ఒకటి, అలవాటైన కస్టమర్ అయితే? రంగుకి మొహం చూసే పని లేదు అన్నాను. కాస్త గింజుకుని ఒప్పుకున్నాడు. రెండోది మంచి అడ్డం. టేబుల్ మేనేజర్ తీసుకుంటే టిప్పు ఎవరిది? సర్వర్‌కి పోయిందంటే మళ్లీ నా కథే, నోరు తెరిచినందుకు డబ్బు పోయింది. టిప్పు పోతుందని తెలిస్తే నారింజని పసుపంటారు, పసుపుని మింగేస్తారు. అందుకని ఆ టేబుల్ మీద టిప్పు సర్వర్‌కే, కస్టమర్‌ని పంపేస్తే ఆ రాత్రి ఆమె మిగతా టేబుళ్ల సగటు టిప్పు యాజమాన్యం ఇస్తుంది అని రాశాం. నెలకి ఎంతవుతుందో లెక్కేసుకుని, గ్లాసులు పగిలే ఖర్చు కంటే తక్కువే అన్నాడు వాడు.

మరి మా సంగతేంటి

చిత్తుప్రతి చదివిన వాడి చెఫ్ అడిగిన మాట ఇది. "ఎవరైనా కావాలని నా మీద చెబితే? పొద్దున లేస్తే నేను స్టవ్ దగ్గరికి పోవాలా?" పెద్దమనిషి, కోపంగా అనలేదు. తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. తన మీద ఏం వచ్చిందో తెలుసుకునే హక్కు, తన మాట చెప్పుకునే హక్కు, తేలేదాకా ఎవరూ చాటింపు వేయకూడదన్నది, జీతం తగ్గకూడదన్నది, ఇవన్నీ ఆయనకీ రాశాం. అబద్ధమని తెలిసి తెలిసీ చెప్పినవాళ్ల మీద చర్య ఉంటుందన్న వాక్యం కూడా ఉంది. కాకపోతే పాత ఫైల్లో అది మొదటి పేజీలో లావు అక్షరాల్లో ఉండేది, ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పకముందే. దాన్ని చివరికి తెచ్చి, పక్కనే "రుజువు కానంత మాత్రాన అబద్ధం కాదు" అని చేర్చాం. ఈ రెండో ముక్క లేకపోతే మొదటిది బెదిరింపే.

చెఫ్ ప్రశ్నలో ఇంకోటి దాగి ఉంది. నేను లేకపోతే పాస్ ఎవరు నడుపుతారు? ఆ కిచెన్‌లో పాస్ నడపడం ఇంకెవరికీ రాదు. అంటే ఆయన మీద ఫిర్యాదు వచ్చిన రాత్రి మా కాగితం ఏం చెప్పినా, కదిలేది మళ్లీ సర్వరే. దీనికి పాలసీలో రాసే వాక్యం లేదు. ఇంకొకరికి ఆ పని నేర్పాలి, అంతే. వారానికి రెండు రాత్రులు ఇంకో కుర్రాణ్ణి పాస్‌లో నిలబెడుతున్నారు ఇప్పుడు. ప్లేట్లు ఆలస్యమవుతున్నాయని స్నేహితుడు గొణుగుతున్నాడు.

అంతా అయ్యాక రెండు పేజీలయింది. ఫొటో తీసి, పాత ఫోన్ నంబర్లన్నీ వెతికి, అప్పుడు మానేసిన ఆ మొదటి అమ్మాయికి పంపాను. పంపాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను, క్షమించమని అడిగినట్టు ఉంటుందేమో, ఆ బరువు మళ్లీ ఆమె మీద ఎందుకు అని. చివరికి "చార్టు గురించి రాసిన భాగం ఒక్కటి చూసి, ఏమైనా తప్పుంటే చెప్పమ్మా" అని మాత్రం రాశాను. వారం తర్వాత జవాబొచ్చింది.

"ఆమె అడిగితేనే షిఫ్టు మార్చాలి అని రాశారు సార్. ఆ రోజు మీరు నన్ను అడిగారు. మధ్యాహ్నానికి వెళ్తావా అంటే సరే అన్నాను. మేనేజర్ ఎదురుగా నిలబడి అడిగితే ఇంకేమంటాను?"

నాకు గుర్తు లేదు. అడిగానని కూడా గుర్తు లేదు. ఆ లైను కొట్టేసి మళ్లీ రాశాం. షిఫ్టు మార్పు గురించి అడిగేది బయటి మనిషి, మేనేజర్ గదిలో ఉండకూడదు, జవాబుకి కనీసం ఒక రోజు టైమివ్వాలి, సరే అన్నా నాలుగు వారాల్లో ఎప్పుడైనా పాత షిఫ్టు వెనక్కి అడగొచ్చు.